నీళ్లలో అర సెకను, గాలిలో 40 సెకన్లు: థర్మోకపుల్ పాడైందా?

ప్రశ్న: సార్, నమస్తే. వరంగల్‌లో డిప్లొమా ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. మిర్చి ఆరబెట్టే చిన్న హాట్ ఎయిర్ డ్రైయర్ మా ప్రాజెక్టు. ఉష్ణోగ్రత కొలవడానికి కె టైప్ థర్మోకపుల్ (కొసన గుండు 1.5 మి.మీ. ఉంటుంది), దాని రీడింగ్‌ను అంకెగా మార్చే MAX6675 బోర్డు, ఆర్డుయినో వాడుతున్నాం. అర సెకనుకు ఒక రీడింగ్ తీస్తున్నాం. మరిగే నీళ్లలో ముంచితే అర సెకనులోనే 63 శాతం దాటిపోయింది. డక్ట్‌లో పెట్టి హీటర్ ఆన్ చేస్తే మాత్రం 40 సెకన్లు పట్టింది. గాలి వేగం సెకనుకు 2 మీటర్లు. షాపులో టైమ్ కాన్‌స్టంట్ 0.5 సెకను అన్నారు. థర్మోకపుల్ పాడైందా? రిపోర్టులో ఏ నంబర్ రాయాలి? డ్రైయర్ తలుపు తీసినప్పుడు గాలి వేడి ఎంత పడిపోతుందో ఇది పట్టుకుంటుందా?

జవాబు:

థర్మోకపుల్‌కు ఏమీ కాలేదు, మార్చకండి. టైమ్ కాన్‌స్టంట్ అంటే చుట్టూ ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారినప్పుడు రీడింగ్ ఆ మార్పులో 63 శాతం చేరడానికి పట్టే సమయం. కాకపోతే మీరు కొలిచిన రెండు నంబర్లలో ఏదీ మీ డక్ట్‌లో దాని టైమ్ కాన్‌స్టంట్ కాదు. అర సెకను మీ ప్రోగ్రాం వేగం. 40 సెకన్లలో ఎక్కువ భాగం మీ హీటర్ వేడెక్కడానికి పట్టిన సమయం. మీరు చెప్పిన గుండు సైజు, గాలి వేగం చూస్తే అసలు విలువ 6 సెకన్ల చుట్టుపక్కల ఉండాలి. అది ఎక్కడి నుంచి వస్తుందో, మీ డక్ట్‌లో మీరే ఎలా కొలవాలో చెప్తాను. నేను హనుమకొండలో 24 ఏళ్లుగా టెంపరేచర్ పరికరాల కాలిబ్రేషన్ చేస్తున్నాను. మన వైపు రైస్ మిల్లుల డ్రైయర్ల దగ్గర ఇదే సమస్య చాలాసార్లు చూశాను.

గుండు తన ఉష్ణోగ్రత మార్చుకోవాలంటే దానిలోకి వేడి పోవాలి, లేదా దానిలోంచి రావాలి. ఆ వేడి గుండు ఉపరితలాన్ని అంటుకుని ఉండే పలుచని గాలి పొరను దాటాలి. లోహం లోపల వేడి చాలా చురుగ్గా పాకుతుంది, కాబట్టి అంత చిన్న గుండులో ఆలస్యం లోపల జరగదు, బయట ఆ గాలి పొర దగ్గరే జరుగుతుంది. మే నెలలో 44 డిగ్రీల వడగాలిలో మనం బజారుకు వెళ్లొస్తాం. అదే 44 డిగ్రీల నీళ్లు చెంబుతో ఒంటి మీద పోసుకుంటే చుర్రుమంటుంది. ఉష్ణోగ్రత ఒకటే అయినా, గాలి వేడిని నెమ్మదిగా ఇస్తుంది, నీళ్లు గబగబా ఇచ్చేస్తాయి. మీ గుండు పరిస్థితి కూడా అంతే. అందుకే టైమ్ కాన్‌స్టంట్ అడిగేవాళ్లు ఎప్పుడూ ఏ ద్రవంలో, లేదా ఏ వాయువులో, ఎంత వేగం దగ్గర అని కూడా అడగాలి. షాపు వాళ్లు అబద్ధం చెప్పలేదు. చాలా కేటలాగ్‌లలో ఇచ్చే విలువ నీటిలో ముంచి చేసిన పరీక్షది. దాన్ని గాలికి వాడుకోకూడదు, అంతే.

దీన్ని లెక్కలో పెట్టడం కష్టం కాదు. గుండు ఒక డిగ్రీ మారడానికి ఎంత వేడి కావాలో, దాన్ని ఆ ఉపరితలం ఒక డిగ్రీ తేడాకు సెకనుకు ఎంత వేడి దాటించగలదో దానితో భాగిస్తే వచ్చేదే టైమ్ కాన్‌స్టంట్. గుండ్రటి గుండుకు అది ఇలా వస్తుంది:

```
tau = (rho * c * D) / (6 * h)
```

ఇక్కడ `rho` లోహ సాంద్రత, `c` విశిష్టోష్ణం, `D` గుండు వ్యాసం, `h` ఉపరితలం నుంచి గాలికి ఉష్ణ బదిలీ గుణకం. కె టైప్‌లోని క్రోమెల్, అల్యూమెల్ రెండింటికీ కలిపి చూస్తే `rho * c` ఘనపు మీటరుకు డిగ్రీకి సుమారు 41 లక్షల జౌళ్లు. గుండు వ్యాసం 0.0015 మీటర్లు. ఇవి రెండూ మారవు. తెలియాల్సింది `h` ఒక్కటే, కథంతా దాని చేతిలోనే ఉంది.

గుండ్రటి వస్తువు చుట్టూ గాలి పారుతున్నప్పుడు `h` ఎంతో చెప్పడానికి రాంజ్, మార్షల్ 1952లో ఇచ్చిన సూత్రాన్ని ఇప్పటికీ వాడుతున్నాం. వాళ్లు నీటి బొట్లు ఆవిరవ్వడం మీద పనిచేసి దాన్ని ఇచ్చారు. మన గుండు కూడా ఆకారంలో బొట్టు లాంటిదే కాబట్టి బాగానే సరిపోతుంది.

```
Nu = 2 + 0.6 * Re^0.5 * Pr^(1/3)
h  = Nu * k / D
```

మీ డ్రైయర్ గాలి 60 డిగ్రీల దగ్గర ఉంటుందనుకుందాం. ఆ గాలికి స్నిగ్ధతను సాంద్రతతో భాగిస్తే వచ్చే విలువ సుమారు 0.000019, ఉష్ణ వాహకత `k` సుమారు 0.0285, ప్రాంట్ల్ సంఖ్య `Pr` 0.7. వేగం 2 మీటర్లను వ్యాసం 0.0015 మీటర్లతో గుణించి, ఆ 0.000019తో భాగిస్తే రేనాల్డ్స్ సంఖ్య `Re` 158 వస్తుంది. దాని వర్గమూలం 12.6. అక్కడి నుంచి నుసెల్ట్ సంఖ్య `Nu` 8.7, `h` 165. ఇక టైమ్ కాన్‌స్టంట్ 6.2 సెకన్లు. ఇదే మీ డక్ట్‌లో మీ థర్మోకపుల్ నుంచి నేను ఆశించే నంబర్. ఇలాంటి సూత్రాలతో పది, ఇరవై శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. పైగా గుండు ఎప్పుడూ సరిగ్గా గుండ్రంగా ఉండదు, వెనకాల రెండు తీగలు కూడా ఉంటాయి. కాబట్టి మీరు కొలిస్తే 5 వచ్చినా, 7 వచ్చినా కంగారుపడొద్దు. 40 వస్తే మాత్రం ఎక్కడో తేడా ఉందని అర్థం.

ఇదే లెక్క మరిగే నీటికి చేస్తే `h` 15,000 దాటుతుంది. టైమ్ కాన్‌స్టంట్ 0.06 సెకను దగ్గరకు పడిపోతుంది. మీరు అర సెకనుకు ఒక రీడింగ్ తీస్తున్నారు. అంటే మొదటి రీడింగ్‌కీ రెండో రీడింగ్‌కీ మధ్యనే గుండు నీటి వేడికి చేరిపోయింది. మీరు చూసిన అర సెకను మీ ప్రోగ్రాంలోని `delay(500)`. దాన్ని 50కి తగ్గిస్తే మెరుగవుతుందనుకోవద్దు. MAX6675 ఒక రీడింగ్ తయారు చేసుకోవడానికి 0.17 నుంచి 0.22 సెకను తీసుకుంటుంది. అంతకు ముందే అడిగితే అది చేస్తున్న పని ఆపేసి మళ్లీ మొదలుపెడుతుంది, మీకేమో పాత విలువే మళ్లీ మళ్లీ వస్తుంది. సీరియల్ మానిటర్‌లో ఒకే అంకె కదలకుండా వరుసగా వస్తుంటే మొదట అనుమానించాల్సింది ఇదే. గాలిలో 6 సెకన్లను కొలవడానికి మాత్రం ఈ బోర్డు చక్కగా సరిపోతుంది.

ఇక 40 సెకన్ల సంగతి. టైమ్ కాన్‌స్టంట్ అర్థం కావాలంటే గాలి ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారాలి. మీరు స్విచ్ వేసినప్పుడు మారింది కరెంటు మాత్రమే, గాలి ఉష్ణోగ్రత అప్పుడే మారలేదు. ముందు నైక్రోమ్ తీగ వేడెక్కాలి, తర్వాత దాన్ని పట్టుకుని ఉన్న పింగాణీ, ఇనప ఫ్రేము, డక్ట్ రేకు వేడెక్కాలి. ఆ తర్వాతే గాలి ఒక స్థిరమైన వేడికి వస్తుంది. మీరు రాసుకున్న రీడింగులకు గ్రాఫ్ గీయండి. గాలి నిజంగా ఒక్కసారిగా మారి ఉంటే గీత మొదటి క్షణంలోనే అన్నిటికంటే నిటారుగా లేచి, క్రమంగా వాలుతుంది. మీ గ్రాఫ్ మొదట కొంతసేపు చదునుగా ఉండి, తర్వాత లేచి, మళ్లీ వంగి ఉంటుందని నేను చూడకుండానే చెప్పగలను. ఆ మొదటి చదును భాగమే హీటర్ ఆలస్యానికి సాక్ష్యం. అలాంటి గ్రాఫ్‌లో 63 శాతం దగ్గర గీత గీసి టైమ్ కాన్‌స్టంట్ అని రాస్తే, హీటర్‌నూ థర్మోకపుల్‌నూ కలిపి తూచినట్టే.

మరి ఒక్కసారిగా మార్పు ఎలా తేవాలి? గాలిని ఒక్కసారిగా మార్చడం కష్టం, గుండును మార్చడం తేలిక. ఫ్యాన్ వేసి, హీటర్ ఆపేసి, డక్ట్‌లో మామూలు గాలి స్థిరంగా పారనివ్వండి. థర్మోకపుల్‌ను మీరు రోజూ పెట్టే చోటే, అదే లోతులో ఉంచండి. డక్ట్ పక్కన చిన్న రంధ్రంలోంచి హీట్ గన్ మూతిని గుండు దగ్గరికి తెచ్చి రీడింగ్ 140 దాకా తీసుకెళ్లండి. తర్వాత గన్ లాగేసి రంధ్రం మూసి, గుండు చల్లబడటం రికార్డు చేయండి. వేడెక్కేటప్పుడైనా చల్లారేటప్పుడైనా గాలి వేగం, గుండు అవే కాబట్టి టైమ్ కాన్‌స్టంట్ దాదాపు అదే. మొదటి ఒకటి, రెండు సెకన్లు వదిలేసి, ఆ తర్వాత నుంచి లెక్కపెట్టండి. గన్ వల్ల చెదిరిన గాలి ఆ లోపు సర్దుకుంటుంది.

సోల్డరింగ్ ఐరన్‌తో గుండును తాకి వేడి చేయొచ్చు కదా అని కొందరు అడుగుతారు. చేయొచ్చు గానీ అది గుండును మాత్రమే వేడి చేస్తుంది, వెనకున్న తీగలు చల్లగానే ఉంటాయి. ఐరన్ తీయగానే వేడి గాలిలోకే కాకుండా తీగల్లోకి కూడా పారిపోతుంది. మొదట్లో రీడింగ్ అసలు కంటే వేగంగా పడి, మీకు టైమ్ కాన్‌స్టంట్ తక్కువగా కనిపిస్తుంది. హీట్ గన్ అయితే గుండుతో పాటు రెండు, మూడు సెంటీమీటర్ల తీగ కూడా వేడెక్కుతుంది కాబట్టి ఆ గొడవ తగ్గుతుంది.

ఇంకో అడ్డదారి ఉంది, దానిలో మాత్రం పడొద్దు. గుండును మరిగే నీళ్లలో ముంచి, తీసి, గాలిలో పెట్టి కొలవడం. మా దగ్గర శిక్షణకు వచ్చిన ఒక అబ్బాయి ఇలాగే చేసి, గాలి 33 డిగ్రీలు ఉంటే థర్మోకపుల్ 26 చూపిస్తోందని పరుగెత్తుకొచ్చాడు. అతను గీసిన గ్రాఫ్ గాలి ఉష్ణోగ్రత కంటే కిందికి దిగి, అక్కడ కాసేపు ఆగి, మళ్లీ పైకి వచ్చింది. గుండు మీద మిగిలిన తడి ఆవిరవుతూ దాన్ని చల్లబరిచింది. కొత్త కుండలో నీళ్లు చల్లబడేది కూడా అలాగే. గాలి కంటే చల్లగా చూపించే గ్రాఫ్ కనిపిస్తే గుండు తడిగా ఉందని అర్థం. ఆ డేటా పారేసి మళ్లీ చేయాల్సిందే.

మీ ప్రశ్న చదివాక మా షెడ్డులో సరిగ్గా 1.5 మి.మీ. గుండున్న తీగతో ఇదే పరీక్ష చేసి చూశాను. గాలి 32 డిగ్రీలు, దాని వేగం చిన్న అనిమోమీటర్‌తో కొలిస్తే సెకనుకు 2 మీటర్లు. లెక్క మొదలుపెట్టిన క్షణంలో థర్మోకపుల్ 112 చూపింది. ఆ తర్వాత రెండేసి సెకన్లకు 90, 74, 62.5, 54, 48, 43.5 వచ్చాయి. ఈ అంకెలను అలాగే చూస్తే ఏమీ తెలియదు. ప్రతి దానిలోంచి గాలి ఉష్ణోగ్రత 32 తీసేయండి. 80, 58, 42, 30.5, 22, 16, 11.5 మిగులుతాయి. ఇప్పుడు ఏ రెండు అంకెలు తీసుకున్నా, వాటి నిష్పత్తికి సహజ లాగరిథం తీసి, మధ్య పట్టిన సమయాన్ని దానితో భాగిస్తే టైమ్ కాన్‌స్టంట్ వస్తుంది. 80 నుంచి 22కు రావడానికి 8 సెకన్లు పట్టింది. నిష్పత్తి 3.64, లాగరిథం 1.29, కాబట్టి 6.2 సెకన్లు. 58 నుంచి 16కు కూడా 8 సెకన్లే, మళ్లీ 6.2. చివరి భాగంలో 30.5 నుంచి 11.5కు 6 సెకన్లు, 6.15.

ఈ మూడు ఒకటే రావడం నాకు ఆ 6.2 కంటే ముఖ్యం. మొదటి భాగం, మధ్య భాగం, చివరి భాగం ఒకే విలువ ఇస్తే గుండు ఒకే ఒక్క టైమ్ కాన్‌స్టంట్‌తో నడుస్తోందని నమ్మొచ్చు. మొదట 4, చివర 9 వస్తే తీగల్లోకి వేడి పోతోందో, గుండు డక్ట్ గోడకు తగులుతోందో, గాలి ఉష్ణోగ్రత 32 కాకుండా మారుతోందో చూడాలి. గాలి విలువను ఒక డిగ్రీ తప్పుగా పెడితే మొదటి భాగం పెద్దగా కదలదు గానీ చివరి భాగం బాగా చెడిపోతుంది, ఎందుకంటే అక్కడ మిగిలిన తేడాయే చిన్నది. అందుకే రీడింగ్ గాలికి ఐదారు డిగ్రీల దగ్గరకు వచ్చాక నేను ఆ డేటాను లెక్కలోకి తీసుకోను.

63.2 శాతం పద్ధతిలో ఒకే ఒక్క పాయింటు మీద ఆధారపడతాం. అందుకే నాకు ఈ లాగరిథం పద్ధతే ఇష్టం. శాతాలు మాత్రం గుర్తుంచుకోండి: ఒక టైమ్ కాన్‌స్టంట్ తర్వాత మార్పులో 63.2 శాతం, రెండు తర్వాత 86.5, మూడు తర్వాత 95, ఐదు తర్వాత 99.3 కనిపిస్తుంది. అంటే మీ థర్మోకపుల్ గాలిలో పూర్తిగా కుదురుకోవడానికి అర నిమిషం పడుతుంది.

మీ రిపోర్టులో ఇంకో విషయం తప్పకుండా రావాలి. మిర్చి ట్రేలు నిండాక గాలి వేగం అలాగే ఉండదు. ఖాళీ డ్రైయర్‌లో సెకనుకు 2 మీటర్లు వచ్చే చోట, ట్రేలు నింపాక అర మీటరుకు పడిపోతే అదే గుండు టైమ్ కాన్‌స్టంట్ 10 సెకన్లు దాటుతుంది. వేగం 8 మీటర్లకు పెంచితే 3.5 సెకన్లకు తగ్గుతుంది. వేగం నాలుగింతలైతే టైమ్ కాన్‌స్టంట్ దాదాపు సగమవుతుందని మనసులో పెట్టుకుంటే చాలు. ఫ్యాన్ ఆగిపోతే అది 20 సెకన్ల దగ్గరకు చేరుతుంది. కాబట్టి పరీక్షను ట్రేలు నింపి కూడా ఒకసారి చేయండి. గుండు సైజు ప్రభావం ఇంకా ఎక్కువ: అర మి.మీ. గుండు అయితే 2 మీటర్ల వేగం దగ్గర సుమారు ఒక సెకనుకు వచ్చేస్తుంది. కానీ అంత సన్నని తీగ మిర్చి ట్రేలు తీసి పెట్టేటప్పుడు వారంలో తెగిపోతుంది. ప్రాజెక్టుకు 1.5 మంచి రాజీ.

ఇప్పుడు తలుపు విషయానికి వద్దాం. లోపల 60 డిగ్రీల గాలి ఉంది, తలుపు 10 సెకన్లు తెరిచారు, గుండు దగ్గర గాలి ఒక్కసారిగా 40కి పడిందనుకుందాం. మీ గుండు ఆ 10 సెకన్లలో 20 డిగ్రీల మార్పులో 80 శాతం, అంటే 16 డిగ్రీలు చూస్తుంది. రీడింగ్ 44 దాకా పడుతుంది. సరిగ్గా 40 కాకపోయినా, పెద్ద మార్పు జరిగిందని స్పష్టంగా తెలుస్తుంది. అదే చోట, చాలామంది కొనే 6 మి.మీ. స్టీలు తొడుగు ప్రోబ్ పెట్టి ఉంటే, ఆ వేగంలో దాని టైమ్ కాన్‌స్టంట్ నిమిషంన్నర. 10 సెకన్లలో అది 2 డిగ్రీలే కదులుతుంది, 58 చూపుతుంది. తలుపు తీసినా మా డ్రైయర్‌లో వేడి అంతగా పోవడం లేదు సార్ అని మీరు రిపోర్టులో రాసేస్తారు. కాబట్టి మీరు తొడుగు లేని గుండు వాడటం మంచిదైంది.

44ను 40 చేయడానికి ఒక దారి ఉంది. గుండు ఎంత వేగంగా మారుతోందో చూస్తే, గాలి దాని కంటే ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. రీడింగ్ 52 దగ్గర ఉండి సెకనుకు 1.94 డిగ్రీల చొప్పున పడుతోందనుకోండి. దాన్ని 6.2తో గుణిస్తే 12. కాబట్టి గాలి 52 లోంచి 12 పోగా 40 దగ్గర ఉంది. ప్రోగ్రాంలో ఇలా రాయొచ్చు, `T[0]` అన్నిటికంటే కొత్త రీడింగ్, `T[4]` రెండు సెకన్ల కిందటిది అయితే:

```
float slope = (T[0] - T[4]) / 2.0;
float Tgas  = T[2] + 6.2 * slope;
```

మధ్య రీడింగ్ `T[2]` వాడటానికి కారణం ఉంది. ఆ వాలు రెండు సెకన్ల మధ్యలో ఉన్న క్షణానికి చెందింది, కాబట్టి జవాబు ఒక సెకను పాతది. ఒక సెకను ఆలస్యాన్ని ఒప్పుకుంటే లెక్క శుభ్రంగా వస్తుంది. ఆశపడి పక్కపక్కనే ఉన్న రెండు రీడింగుల తేడాతో చేస్తే ఏమవుతుందో చూడండి. MAX6675 పావు డిగ్రీ మెట్లలో మాత్రమే చెప్పగలదు. అర సెకనులో పావు డిగ్రీ గెంతితే వాలు సెకనుకు అర డిగ్రీ, దాన్ని 6.2తో గుణిస్తే 3 డిగ్రీలు. గాలి కదలకుండా ఉన్నా మీ లెక్క మూడేసి డిగ్రీలు ఎగిరిపడుతుంది. రెండు సెకన్ల వాలుతో అది 0.8 డిగ్రీకి తగ్గుతుంది. 6 మి.మీ. ప్రోబ్‌కు ఇదే మంత్రం వేయాలని చూడకండి. 90తో గుణించాల్సి వస్తుంది, అక్కడ పావు డిగ్రీ మెట్టే 11 డిగ్రీలవుతుంది. పైగా తొడుగు ప్రోబ్‌లో మొదట తొడుగు, తర్వాత లోపలి పొడి, తర్వాత తీగ వేడెక్కాలి కాబట్టి ఒకే టైమ్ కాన్‌స్టంట్‌తో దాన్ని సరిగ్గా చెప్పలేం.

గాలి నెమ్మదిగా మారేటప్పుడు ఇవేవీ అక్కర్లేదు అనుకోవడం కూడా ప్రమాదమే, అది మీ ప్రోబ్ మీద ఆధారపడుతుంది. గాలి సమానంగా పెరుగుతూ పోతుంటే రీడింగ్ ఎప్పుడూ టైమ్ కాన్‌స్టంట్‌ను పెరిగే వేగంతో గుణించినంత వెనకబడి ఉంటుంది. మీ హీటర్ నిమిషానికి 10 డిగ్రీలు పెంచుతుంటే మీ గుండు ఒక డిగ్రీ మాత్రమే వెనక ఉంటుంది.

జమ్మికుంట వైపు ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో ఈ వెనకబాటే రెండు వారాలు ఏడిపించింది. ఊక పొయ్యి గాలితో వడ్లు ఆరబెట్టే డ్రైయర్ అది. 90 డిగ్రీలు చూపగానే వేడి గాలిని ఆపే డాంపర్ మూసుకునేలా పెట్టారు. కానీ గింజ పగుళ్లు ఎక్కువ వస్తున్నాయి, నూక శాతం పెరుగుతోంది. కంట్రోలర్ మార్చారు, పొయ్యి మేస్త్రీని తిట్టారు. నేను వెళ్లి చూస్తే థర్మోకపుల్ 10 మి.మీ. లావు గొట్టంలో, అదే థర్మోవెల్‌లో ఉంది. ఆ డక్ట్‌లో గాలి సెకనుకు 10 మీటర్లు పారుతున్నా, అంత లావు లోహానికి టైమ్ కాన్‌స్టంట్ నిమిషంన్నర వస్తుంది. పొయ్యి రాజుకునేటప్పుడు గాలి నిమిషానికి 10 డిగ్రీలు పెరుగుతోంది. నేను అర మి.మీ. గుండున్న తీగను దాని పక్కనే కట్టి, రెండింటినీ ఒకే రికార్డర్‌లో గీయించాను. ఇండికేటర్ 90కి వచ్చిన క్షణంలో నా తీగ 105 చూపుతోంది. మిల్లు ఫోర్‌మన్ ఆ రెండు గీతల మధ్య వేలు పెట్టి, "ఇన్ని రోజులు వడ్లు ఈ సందులో కాలినయా సార్?" అన్నాడు. గొట్టం తీసేసి 3 మి.మీ. తొడుగు ప్రోబ్ పెట్టాం. ఆ వేగంలో అది 15 సెకన్ల దగ్గర ఉంటుంది, వెనకబాటు రెండున్నర డిగ్రీలకు దిగింది. ఆ ప్రోబ్‌ను దుమ్ము, ఊక బూడిద పేరుకోకుండా వారానికోసారి తుడవమని చెప్పాను, ఎందుకంటే పైన పేరుకునే పొర కూడా వేడి దాటాల్సిన గోడే. మీకు మిర్చి పొడితో అదే గొడవ వస్తుంది.

గుండు పెట్టే చోటు గురించి ఒక్కటి మర్చిపోకండి. మీ గుండుకు ఎర్రగా కాలే నైక్రోమ్ తీగ నేరుగా కనిపించకూడదు. కనిపిస్తే గాలితో సంబంధం లేకుండా కిరణాల వేడి తాకి రీడింగ్ శాశ్వతంగా ఎక్కువ చూపుతుంది, ఏ టైమ్ కాన్‌స్టంట్ లెక్కా దాన్ని సరిచేయదు. హీటర్ తర్వాత డక్ట్ ఒక మలుపు తిరిగాక పెట్టండి, లేదా మధ్యలో ఒక రేకు ముక్క అడ్డం పెట్టండి.

రిపోర్టులో ఇలా రాయండి: తొడుగు లేని కె టైప్ గుండు, వ్యాసం 1.5 మి.మీ., గాలి వేగం ఇంత, గాలి ఉష్ణోగ్రత ఇంత, చల్లార్చే పద్ధతిలో కొలిచిన టైమ్ కాన్‌స్టంట్ ఇంత, ట్రేలు ఖాళీగా ఒకటి, నింపాక ఒకటి. నీటి నంబర్ రాయాలనిపిస్తే పక్కన "నీటిలో, అర సెకను రీడింగులతో" అని తప్పకుండా రాయండి. హీట్ గన్ పరీక్ష చేశాక ఆ ఆరేడు రీడింగులు, ఆ రోజు గాలి ఉష్ణోగ్రత ఇక్కడే పెట్టండి. మూడు భాగాలు ఒకే విలువ ఇస్తున్నాయో లేదో చూసి చెప్తాను.